ఉద్యోగం మానేశాక వేలిముద్ర ఏమవుతుంది?

హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా, విశాఖ రుషికొండలోనైనా కొత్త ఉద్యోగంలో మొదటి రోజంతా కాగితాలతోనే గడుస్తుంది. పదో తరగతి మార్కుల మెమో నుంచి పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ దాకా అన్నీ స్కాన్ చేసి పంపాలి. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ ఇవ్వాలి. మెడిక్లెయిమ్ కోసం ఇంటిల్లిపాది పేర్లు, పుట్టిన తేదీలు రాయాలి. గేటు దగ్గర యంత్రం మీద వేలు పెట్టాలి. ఆ హడావుడిలో, సంతకాలు పెట్టే కాగితాల మధ్యనో, తెర మీద ‘చదివాను, ఒప్పుకుంటున్నాను’ అని నొక్కే చోటనో ప్రైవసీ నోటీసు ఒకటి ఎదురవుతుంది. ఆ పూట దాన్ని ఆగి చదివే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ నోటీసు చెప్పాల్సినవి మూడు సంగతులు. ఉద్యోగి గురించి ఏయే వివరాలు తీసుకుంటున్నారు, దేనికోసం తీసుకుంటున్నారు, ఎన్నాళ్లు దాచుకుంటారు. మొదటి రెండింటికీ ఏదో ఒక జవాబు దొరుకుతుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చాలా నోటీసుల్లో ‘అవసరమైనంత కాలం’ అనే ఒక్క ముక్క మాత్రమే కనిపిస్తుంది. ఎవరి అవసరం, ఏ అవసరం, అది ఎప్పుడు తీరుతుంది అన్నవేవీ అందులో ఉండవు. నోటీసు నిజంగా పనికొచ్చేదా, పేరుకు పెట్టిందా అని తేల్చుకోవాలంటే ముందుగా చూడవలసింది ఈ మూడో జవాబునే.

ఇది రాసేవారి బద్ధకం వల్ల మాత్రమే జరుగుతున్నది కాదు. దీని వెనక చట్టం కూడా ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు సర్దుకోవడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు కాబట్టి ముఖ్యమైన బాధ్యతలన్నీ 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. నోటీసు ఎలా ఉండాలో ఈ నియమాలు చెప్తున్నాయి. సులువైన భాషలో ఉండాలి. ఇతర షరతుల మధ్య ఇరికించకుండా విడిగా అర్థమయ్యేలా ఉండాలి. తీసుకునే వివరాలను ఒక్కొక్కటిగా రాయాలి, వాటి ఉద్దేశం చెప్పాలి, ఫిర్యాదు ఎలా చేయాలో చూపించాలి. ఎన్నాళ్లు ఉంచుకుంటారో నోటీసులోనే రాసి తీరాలన్న మాట మాత్రం అందులో లేదు. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అయితే దాన్ని స్పష్టంగా అడుగుతుంది. గడువు చెప్పాలి, అది సాధ్యం కాకపోతే గడువును ఏ లెక్కన నిర్ణయిస్తారో చెప్పాలి. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో పనిచేస్తున్న తెలుగు ఇంజినీరుకు అందే నోటీసుకూ, గచ్చిబౌలిలో కూర్చున్న అతని స్నేహితుడికి అందే నోటీసుకూ ఇక్కడే తేడా వస్తుంది.

మన చట్టంలో ఉద్యోగులు గమనించాల్సిన ఇంకో మెలిక కూడా ఉంది. మామూలుగా ఎవరి వివరాలైనా తీసుకోవాలంటే సమ్మతి అడగాలి, అడిగేటప్పుడు నోటీసు ఇవ్వాలి. కానీ ‘ఉద్యోగ అవసరాల కోసం’, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడం కోసం వాడే వివరాలకు సమ్మతి అక్కర్లేదని ఏడో సెక్షన్ చెప్తుంది. వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా కాపాడుకోవడం, ఉద్యోగి కోరిన సదుపాయం కల్పించడం లాంటివి అందులోకి వస్తాయి. సమ్మతి అక్కర్లేని చోట సమ్మతితో పాటు ఇవ్వాల్సిన నోటీసు కూడా చట్టప్రకారం తప్పనిసరి కాదు. తన గురించి ఏం దాచారో చూపించమని అడిగే హక్కును కూడా చట్టం ప్రధానంగా సమ్మతి ఇచ్చినవారికే ఇచ్చింది. అంటే జీతం లెక్కకు వాడే వివరాల విషయంలో ఉద్యోగికి దొరికే సమాచారం చాలావరకు కంపెనీ తనంతట తాను ఇచ్చే నోటీసు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ కాగితంలో ఏం రాశారన్నది ఇంత ముఖ్యమవుతుంది.

ఇక ఏయే వివరాలు తీసుకుంటారన్నది చూద్దాం. ఉద్యోగి చేతితో ఇచ్చేవి కొన్ని. అతను ఇవ్వకుండానే పోగయ్యేవి అంతకంటే ఎక్కువ. గేటు దాటిన సమయాలు, లాప్‌టాప్‌లో లాగిన్ అయిన వేళలు, ఆఫీసు మెయిల్, ఇంటర్నెట్‌లో తెరిచిన పేజీల జాబితా, క్యాబ్ ఎక్కిన చోటు, దిగిన చోటు, సీసీ కెమెరా దృశ్యాలు, ఏడాది చివర మేనేజర్ రాసే రేటింగులు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంస్థ పాత యజమానిని అడిగి తెచ్చిన నివేదిక. నోటీసులో ఈ రెండో రకం వివరాలు పేరుపేరునా ఉన్నాయో లేదో చూడాలి. ‘సాంకేతిక సమాచారం’ అని రాసి ఊరుకుంటే చెప్పనట్టే లెక్క.

ఇందులో ఇతరుల వివరాలు కూడా కలుస్తాయి. పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు కావాలంటే ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటినప్పుడు ఇంటి యజమాని పాన్ నంబరు కంపెనీకి ఇవ్వాలి. ఆ యజమాని ఆ కంపెనీ గడప తొక్కి ఉండడు. తల్లిదండ్రులను మెడిక్లెయిమ్‌లో చేర్చినప్పుడు వాళ్ల వయసూ, కొన్నిసార్లు వాళ్ల షుగరూ బీపీ వివరాలూ వెళ్తాయి. పీఎఫ్ నామినేషన్‌లో భార్య, పిల్లల వివరాలు చేరతాయి. మంచి నోటీసు వీళ్ల సంగతి కూడా ప్రస్తావిస్తుంది.

రెండో ప్రశ్న, ఎందుకు అన్నది. ఇక్కడ దారి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి జర్మనీలో జరిగిన ఒక కేసు ఉంది. న్యూరెంబర్గ్‌లో హెచ్ అండ్ ఎమ్ దుస్తుల సంస్థకు ఒక సేవాకేంద్రం ఉండేది. అక్కడ సెలవు మీద వెళ్లి వచ్చినవాళ్లను, జబ్బుపడి తిరిగొచ్చినవాళ్లను టీమ్ లీడర్లు కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఎలా ఉన్నారు, ప్రయాణం ఎలా సాగింది, ఒంట్లో ఏమైంది అని పలకరించేవారు. విన్నవాటిని తర్వాత రాసి కంపెనీ కంప్యూటర్ డ్రైవులో పెట్టేవారు. జబ్బు లక్షణాలు, డాక్టరు చెప్పిన నిర్ధారణ, ఇంట్లో గొడవలు, మత విశ్వాసాలు అందులోకి చేరాయి. కనీసం 2014 నుంచి ఇలా సాగింది. యాభై మంది దాకా మేనేజర్లకు అవి చదివే వీలుండేది. ఎవరిని ఉంచాలి, ఎవరిని ఎలా చూడాలి అన్న నిర్ణయాలకు కూడా ఆ రాతలు పనికొచ్చాయి.

2019 అక్టోబరులో కంప్యూటర్ అమరికలో జరిగిన పొరపాటు వల్ల ఆ డ్రైవు కొన్ని గంటల పాటు సంస్థలో అందరికీ తెరుచుకుంది. సంగతి పత్రికలకెక్కింది. హాంబర్గ్ డేటా పరిరక్షణ అధికారి ఆ డ్రైవును అలాగే అప్పగించమని ఆదేశిస్తే సుమారు 60 గిగాబైట్ల సమాచారం చేతికొచ్చింది. 2020 అక్టోబరులో 3.53 కోట్ల యూరోల జరిమానా పడింది. సంస్థ క్షమాపణ చెప్పి ఉద్యోగులకు పరిహారం ఇస్తామని ప్రకటించింది. అక్కడ తాళాలు బద్దలు కొట్టి ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఆ మాటలన్నీ ఉద్యోగులు తమ నోటితో చెప్పినవే. కానీ తోటిమనిషి పలకరింపుకు ఇచ్చిన జవాబు, తనకు తెలియకుండా తన ఉద్యోగాన్ని తూచే ఫైలుగా మారింది. ఏ ఉద్దేశం చెప్పి తీసుకున్నారో దానికే వాడాలన్న నియమం ఎందుకు పుట్టిందో ఈ ఒక్క ఉదంతం చాలు అర్థం కావడానికి.

ముందుగా చెప్పకపోవడం అన్నదే ప్రధానాంశమైన కేసు మరొకటి రుమేనియాది. ఒక సేల్స్ ఇంజినీరు ఖాతాదారుల ప్రశ్నలకు జవాబివ్వడానికి కంపెనీ చెప్పిన మీదట యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. 2007 జులైలో కంపెనీ కొన్ని రోజుల పాటు అతని సంభాషణలను గమనించింది. సోదరుడితో, కాబోయే భార్యతో జరిపిన సొంత మాటలు కూడా కాగితం మీదికెక్కించి అతని ముందు పెట్టింది. ఉద్యోగం తీసేసింది. ఆఫీసు కంప్యూటర్లు సొంత పనికి వాడొద్దని అక్కడ నిబంధన ఉన్న మాట నిజమే. అయినా 2017 సెప్టెంబరులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం విస్తృత ధర్మాసనం అతని వైపే నిలిచింది. వాడొద్దని చెప్పడం వేరు, చూస్తామని చెప్పడం వేరు. ఏ మేరకు చూస్తారో, సందేశాల్లోని మాటలు కూడా చదువుతారో లేదో ముందుగా తెలియజేశారా అన్న సంగతిని రుమేనియా కోర్టులు సరిగా తేల్చలేదని ఆ న్యాయస్థానం తప్పుపట్టింది.

ఈ వెలుగులో మన కంపెనీల నోటీసులు చూస్తే, ‘భద్రత కోసం నిఘా ఉండవచ్చు’ అన్న వాక్యం ఎంత డొల్లగా ఉందో తెలుస్తుంది. లాగిన్ సమయాలు మాత్రమే చూస్తారా, తెర మీది బొమ్మలు కూడా తీస్తారా, ఇంటి నుంచి పనిచేసేటప్పుడు కెమెరా తెరుస్తారా అన్నవి విడివిడిగా చెప్పాల్సిన విషయాలు.

ఇప్పుడు గడువు దగ్గరికి వద్దాం. ఒక ఉద్యోగినిని ఊహించుకుందాం. 2027 జూన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, 2030 జూన్ 30న మానేసింది. ఆమె వివరాలు అన్నీ ఒకే రోజున తుడిచేయడం కుదరదు, అన్నీ శాశ్వతంగా ఉంచుకోవడమూ సరికాదు. ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంటుంది.

ముందుగా జీతం. జీతం చెల్లింపులు కంపెనీ ఖాతా పుస్తకాల్లో భాగం. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ పుస్తకాలను, వాటికి ఆధారమైన వోచర్లను ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పాటు భద్రపరచాలి. ఆమె చివరి జీతం 2030-31 ఆర్థిక సంవత్సరంలోకి వస్తుంది. కాబట్టి ఆ పద్దు 2039 మార్చి 31 దాకా ఉండాలి. 2027-28 నాటిది అంతకు మూడేళ్ల ముందే, 2036 మార్చి చివరికి గడువు దాటుతుంది. ఇక్కడ ఉద్యోగిని ‘తీసేయండి’ అన్నా కంపెనీ తీయకూడదు. వేరే చట్టం ఉంచమన్నప్పుడు తుడవనక్కర్లేదని డేటా చట్టమే చెప్తోంది.

ఇక హాజరు. ఇక్కడ రెండు వస్తువులున్నాయి, నోటీసులు తరచూ ఈ రెండింటినీ కలిపేస్తాయి. ఏ రోజు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది అన్న పట్టిక ఒకటి. ఆ వచ్చింది ఆమే అని గుర్తుపట్టడానికి యంత్రంలో దాచిన వేలిముద్ర నమూనా ఇంకొకటి. పట్టికను ఆమె వెళ్లాక కూడా ఉంచడానికి కారణముంది. జీతం బకాయి, ఓవర్‌టైమ్ గురించి రేపు తగవు వస్తే అదే సాక్ష్యం. 2019 వేతనాల కోడ్ కింద అలాంటి క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. కాబట్టి 2033 జూన్ తర్వాత మరికొంత కాలం దాకా పట్టిక ఉంచుకుంటే అర్థముంది. వేలిముద్ర నమూనా సంగతి అలా కాదు. ఆమె ఇక ఆ గేటు దాటదు. నమూనా పని 2030 జూన్ 30 సాయంత్రానికే అయిపోయింది. పైగా పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. గేటు యంత్రం నుంచి ఆ రోజే తీసేయడం న్యాయం.

కొత్త నియమాల్లోని ఒక షరతు ఇక్కడ అడ్డొస్తుంది. వ్యక్తిగత వివరాలనూ వాటి వాడకానికి సంబంధించిన లాగులనూ కనీసం ఒక ఏడాది ఉంచాలని ఎనిమిదో నియమం అంటోంది. ప్రభుత్వం దేశ భద్రత వంటి కారణాల మీద అడిగితే ఇవ్వడానికి వీలుగా పెట్టిన ఏర్పాటు ఇది. అక్షరాలా తీసుకుంటే వేలిముద్రలకూ, చాలా ఆఫీసుల్లో నెల రోజులకే చెరిగిపోయే సీసీ కెమెరా దృశ్యాలకూ ఇదే వర్తించాలి. తక్కువ ఉంచుకోవాలన్న చట్టం సూత్రానికీ ఈ నియమానికీ పొసగడం కష్టమే. జాగ్రత్తపడే కంపెనీ చేయగలిగింది ఒకటుంది. గేటు యంత్రం నుంచి నమూనా తీసేసి, ఉంచక తప్పని ప్రతిని హెచ్‌ఆర్‌కూ మేనేజర్లకూ అందని చోట తాళం వేసి, ఏడాది కాగానే చెరిపేయాలి. ఆ సంగతి నోటీసులో అలాగే రాయాలి.

మెడిక్లెయిమ్ వివరాలు మరో తీరు. ఉద్యోగం పోగానే గ్రూప్ పాలసీ నుంచి పేరు తొలగుతుంది. అప్పటికే వేసిన క్లెయిములు తేలేదాకా బీమా సంస్థ దగ్గర కాగితాలు ఉండాలి. కానీ ఆమె తండ్రి గుండె ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ కంపెనీ హెచ్‌ఆర్ మెయిల్‌బాక్సులో పడి ఉండడానికి ఆ రోజూ కారణం లేదు, ఈ రోజూ లేదు. అది నేరుగా బీమా సంస్థకో, క్లెయిములు చూసే టీపీఏకో వెళ్లాలి. గడువుల పట్టిక రాయడానికి కూర్చుంటేనే ఇలాంటివి బయటపడతాయి. ఎన్నాళ్లుంచాలి అన్న ప్రశ్నకు జవాబు దొరకలేదంటే, అసలు తీసుకోవడమే అనవసరమై ఉండవచ్చు.

పీఎఫ్ వివరాలు మాత్రం చాలా కాలం బతుకుతాయి, బతకాలి కూడా. పదేళ్ల సర్వీసు నిండిన సభ్యులకు సాధారణంగా 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది. ఇరవై ఏడేళ్ల వయసులో చేరిన తేదీ, మానేసిన తేదీ మూడు దశాబ్దాల తర్వాత అక్కరకొస్తాయి. పుట్టిన తేదీలోనో పేరులో ఒక్క అక్షరంలోనో తేడా వచ్చి పీఎఫ్ డబ్బు ఆగిపోయిన కుటుంబాలు మన ఊళ్లలో తక్కువేమీ లేవు. అలాంటప్పుడు పాత యజమాని దగ్గర చేరిక, విరమణ తేదీల చిన్న రికార్డు ఉండటం ఉద్యోగికే మేలు. తుడిచేయడమే ఎప్పుడూ గోప్యతను కాపాడినట్టు కాదు. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, యూఏఎన్ నంబరు ఉంచి, తక్కిన ఫైలును తీసేయవచ్చు.

కాగితం మీద ఇన్ని గడువులు సరిగ్గా రాసిన కంపెనీలోనూ తుడిచే పని ఒక చోట తరచూ ఆగిపోతుంది, అదే ప్రతుల దగ్గర. ఆధార్ స్కాన్ ప్రధాన సాఫ్ట్‌వేర్‌లో చెరిగిపోతుంది. కానీ చేరిన రోజున దాన్ని పేరోల్ చూసే బయటి సంస్థకు పంపారు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీకి పంపారు, బ్యాంకు ఖాతా తెరవడానికి బ్యాంకు మనిషికి పంపారు. ఎవరో తొందరలో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. హెచ్‌ఆర్‌లో ఒకరు ఎక్సెల్ షీటులో నకలు దాచుకున్నారు. తన తరఫున పనిచేసే బయటి సంస్థలతో కూడా చెరిపించే బాధ్యత కంపెనీదేనని చట్టం చెప్తోంది. కాబట్టి నోటీసులో ‘మూడో పక్షాలకు ఇవ్వవచ్చు’ అని కాకుండా, ఏ పనికి ఎలాంటి సంస్థకు ఏం ఇస్తారో ఉండాలి. ఏ వివరం ఎక్కడెక్కడ ఉందో తెలియని కంపెనీ గడువు చెప్పినా నిలబెట్టుకోలేదు. ఎంపిక కాని అభ్యర్థుల విషయంలో ఇది మరీ కనిపిస్తుంది. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఉద్యోగం రానివాళ్ల రెజ్యూమేలు, పాత జీతం స్లిప్పులు ఏళ్ల తరబడి మెయిళ్లలో అలాగే పడి ఉంటాయి. వాళ్లకు నోటీసు కూడా అంది ఉండదు.

చట్టానికి ఉన్న ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. ఇది డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకే వర్తిస్తుంది. చిన్న ఫ్యాక్టరీ బీరువాలో ఆధార్ జిరాక్సు కాగితంగానే ఉండిపోతే దాని మీద ఈ చట్టానికి పట్టు లేదు. స్కాన్ చేసిన క్షణం నుంచి ఉంటుంది.

ఉద్యోగి అంటే ఐటీ ఇంజినీరే గుర్తొస్తాడు గానీ, అదే భవనంలో సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు ఉంటారు. వాళ్ల వేలిముద్రలూ ఆధార్ స్కాన్లూ రెండు చోట్ల ఉంటాయి, కాంట్రాక్టు ఏజెన్సీ దగ్గరా, భవనం యాజమాన్యం దగ్గరా. ఏజెన్సీ మారినా పని అదే చోట చేస్తూ ఉంటారు, పాత ఏజెన్సీ దగ్గరి వివరాలు ఏమయ్యాయో అడిగేవాళ్లుండరు. సమ్మతి కోసం ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలని చట్టం అంటోంది. ఆ జాబితాలో తెలుగు ఉంది. కొమ్మాదిలోనో కొండాపూర్‌లోనో పనిచేసే ఒక గార్డు ‘ఆ కాగితం తెలుగులో ఇవ్వండి సార్’ అని అడగడానికి ఇది ఆధారం.

ఎక్కడైనా తేడా వస్తే మొదట కంపెనీలోనే ఫిర్యాదు చేయాలి. నోటీసులో అందుకోసం ఒక మెయిల్ చిరునామా ఉండాలి. ఫిర్యాదు తేల్చడానికి నియమాలు గరిష్ఠంగా 90 రోజులు ఇచ్చాయి. ఆ తర్వాతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్లాలి. అది ఆన్‌లైన్‌లోనే పనిచేసేలా రూపొందించిన సంస్థ, కాబట్టి ఢిల్లీ రైలెక్కాల్సిన పని ఉండదు. తగిన భద్రత చర్యలు తీసుకోక వివరాలు బయటికి పోతే కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం బోర్డుకుంది. ఆ డబ్బు ఉద్యోగికి రాదు, ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. నష్టపరిహారం ఇప్పించే అధికారాన్ని ఈ చట్టం బోర్డుకు ఇవ్వలేదు. ఫిర్యాదుదారుకు మిగిలేదల్లా తప్పును సరిదిద్దమని బోర్డు ఇచ్చే ఆదేశమే. ఆ ఆదేశం రావాలన్నా, ఫలానా వివరాన్ని ఫలానా తేదీకి చెరిపేస్తామని చెప్పి చెరపలేదని చూపించగలిగితే పని తేలికవుతుంది. నోటీసులో తేదీ ఉన్న ఉద్యోగి అది చూపించగలడు.